డిలీట్ నొక్కిన తర్వాత ఆ 30 రోజులు

(ఆదివారం ఉదయం గ్రంథాలయం హాల్లో జరిగిన ప్రసంగానికి రికార్డింగ్ విని రాసిన పాఠం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

పోయిన నెల ఇక్కడే మాట్లాడినప్పుడు చివర్లో ఒక అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. ఈ రోజు వచ్చిందా? ఆ, అక్కడ ఉంది. ఏమడిగిందంటే, "సార్, నా అకౌంట్ పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. తీసేయమంటే 30 రోజులు ఆగమంటున్నారు. ఎందుకు? నా డేటా మీద వాళ్లకి అంత ఆశ దేనికి?" అని. ఆ రోజు టైమ్ అయిపోయింది, జవాబు సగమే చెప్పాను. ఇంటికెళ్లాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను సర్వర్ల వైపు పనిచేసేవాణ్ని. ఈ డిలీట్ అనే పని రాసి, నడిపి, అది తప్పినప్పుడు రాత్రంతా కూర్చున్నవాణ్ని. అందుకే ఈ రోజు ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. మనం "ఆగడం" అని ఒకే మాటతో పిలుస్తున్నది నిజానికి రెండు వేర్వేరు ఆగడాలు. ఒకటి, మీరు మనసు మార్చుకుంటే వెనక్కి రావడానికి ఇచ్చే గడువు. రెండోది, ఆ గడువు అయిపోయాక డేటాని నిజంగా చెరపడానికి పట్టే కాలం. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మనకి అయోమయం.

ఫేస్‌బుక్ తీసుకోండి. డిలీట్ అడిగిన దగ్గర్నుంచి 30 రోజుల వరకు వెనక్కి రావచ్చు. కానీ మొత్తం చెరిగిపోవడానికి, చెరిపే పని మొదలైన దగ్గర్నుంచి 90 రోజుల వరకు పట్టొచ్చని వాళ్లే రాశారు. ఇప్పుడు వాట్సాప్ తీసుకోండి. అందులో అకౌంట్ డిలీట్ చేస్తే వెనక్కి రావడం అనేదే లేదు. అయినా సరే, చెరపడానికి 90 రోజుల వరకు పట్టొచ్చు అనే ఉంటుంది. చూశారా? మొదటి గడువు సున్నా చేసినా రెండోది అలాగే ఉంది. అంటే రెండింటికీ కారణాలు వేరు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి గడువు ఎందుకు? ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం కాదు, మా ఇంట్లోనే జరిగింది. మా పిన్ని ఆవకాయ, గోంగూర, ఉసిరికాయ పచ్చళ్లు పట్టి అమ్ముతుంది. ఒక సోషల్ మీడియా పేజీలో ఫొటోలు పెట్టి, అక్కడే ఆర్డర్లు తీసుకునేది. ఏ కంపెనీ అన్నది ఇప్పుడు అనవసరం. ఒకరోజు ఎవడో ఫోన్ చేసి, మీ పేజీకి నీలం టిక్ ఇస్తున్నాం, ఓటీపీ వస్తుంది చెప్పండి అన్నాడు. చెప్పేసింది. వాడు లోపలికి వెళ్లి, పాస్‌వర్డ్ మార్చి, రెండు రోజులు ఆమె పేరుతో జనం దగ్గర డబ్బులు అడిగాడు. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? అకౌంట్ డిలీట్ చేయమని రిక్వెస్ట్ పెట్టాడు. ఆనవాళ్లు పోవాలి కదా.

మా పిన్ని అప్పుడు కాశీలో ఉంది. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని వెళ్లింది, ఫోన్ పెద్దగా చూడలేదు. తిరిగొచ్చి, పేజీ కనపడట్లేదు రా అని నాకు చెప్పేసరికి డిలీట్ రిక్వెస్ట్ పెట్టి 18 రోజులు. ఆ కంపెనీ గడువు 30 రోజులు. ఇంకా 12 రోజులు చేతిలో ఉన్నాయి. ఆధార్ పంపి, పాత మెయిల్ పంపి, నాలుగు రోజులు వెంటపడితే అకౌంట్ తిరిగి వచ్చింది. ఆరేళ్ల ఆర్డర్లు, కస్టమర్ల అడ్రసులు, అన్నీ.

ఇప్పుడు చెప్పండి. డిలీట్ నొక్కిన క్షణంలోనే అంతా చెరిగిపోయి ఉంటే? ఎవరు నొక్కారు అన్నది ఆ కంప్యూటర్‌కి తెలుసా? దానికి తెలిసింది ఒక్కటే, సరైన పాస్‌వర్డ్ కొట్టిన వాళ్లెవరో నొక్కారు. ఆ వేలు యజమానిదా, దొంగదా, కోపంలో ఫోన్ లాక్కున్న మొగుడిదా, ఆడుకుంటున్న పిల్లాడిదా, దానికి తెలిసే దారి లేదు. తెలిసేది ఎప్పుడు? అసలు యజమాని వచ్చి "అది నేను కాదు" అన్నప్పుడు. ఆ మాట అనడానికి మనిషికి కొంత కాలం కావాలి. ఆ కాలమే ఈ గడువు.

మరి 30 రోజులే ఎందుకు? 3 రోజులు ఎందుకు కాదు, 300 ఎందుకు కాదు? ఇది ఎవరో పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం కాదు. ఫేస్‌బుక్‌లో ఒకప్పుడు ఈ గడువు 14 రోజులు ఉండేది. 2018లో 30 చేశారు. కారణం అడిగితే వాళ్లు చెప్పింది, 14 రోజులు దాటిపోయాక కూడా జనం మళ్లీ లాగిన్ అవ్వడానికి ప్రయత్నిస్తున్నారు అని. గూగుల్ ఇంజనీర్లు కూడా తమ అనుభవం బయటపెట్టారు. ఇలాంటి గడువులు మామూలుగా 15, 30, 45, 60 రోజులుగా పెడతారట. అకౌంట్ దొంగల చేతికి పోవడం, డేటా దెబ్బతినడం లాంటివి చాలావరకు 60 రోజుల్లోపే బయటపడతాయి, కాబట్టి అంతకు మించి దాచి ఉంచడానికి పెద్దగా కారణం కనపడదు అని రాశారు. ఈ రెండో సగం గుర్తుపెట్టుకోండి. గడువు కావాలి అన్నవాళ్లే దానికి ఒక హద్దు కూడా చెప్పారు.

ఈ గడువులో లోపల ఏం జరుగుతుంది? మీరు నొక్కగానే డేటా కదలదు. దాని మీద ఒక గుర్తు పడుతుంది, అంతే. తెర మీద చూడండి, ఇది చాలా సులువు చేసి రాసింది.

```sql
UPDATE users
SET status = 'pending_delete',
    purge_after = NOW() + INTERVAL '30 days'
WHERE id = 4821;
```

కోడ్ రాని వాళ్లు కంగారు పడకండి. దీని అర్థం ఇంతే: 4821 నంబరు మనిషి పేరు పక్కన "వెళ్లిపోతున్నారు" అని రాయి, ఇవాళ్టి నుంచి 30 రోజుల తర్వాతి తేదీ వేయి. ఆ క్షణం నుంచి మీ పేరు వెతికితే దొరకదు, ఫొటోలు కనపడవు. బయటి లోకానికి మీరు లేరు. లోపల మాత్రం ఉన్నారు. వెనక్కి వస్తే ఆ గుర్తు చెరిపేస్తారు, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. రాకపోతే, రోజూ రాత్రి ఒక ప్రోగ్రామ్ లేచి, ఎవరి తేదీ దాటిపోయిందో చూసి, వాళ్ల అసలు చెరిపివేత మొదలుపెడుతుంది.

ఇక్కడ ఎవరైనా అడగాలి. సరే, 30 రోజులు అయిపోయాయి, మనసు మారలేదు. ఇక ఒక్క నిమిషంలో తీసేయొచ్చు కదా? మళ్లీ ఇన్ని రోజులు దేనికి?

ఇక్కడి నుంచి కొంచెం నెమ్మదిగా వెళ్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

మీ డేటా ఒక చోట ఉండదు. మీరు పెట్టిన ఒక్క ఫొటోనే తీసుకోండి. ఆ ఫొటో ఒక నిల్వలో ఉంటుంది. దాని చిన్న సైజు కాపీలు ఇంకో చోట. ఆ ఫొటో ఎవరిది, ఎప్పుడు పెట్టారు అన్న వివరం వేరే డేటాబేసులో. లైకులు ఇంకో దాంట్లో. వెతికితే దొరకడానికి పెట్టుకున్న సూచీ మరొకటి. మీ ఊరికి దగ్గర్లోని సర్వర్‌లో, త్వరగా చూపించడానికి దాచుకున్న కాపీ ఇంకొకటి. ఇవి కాక, ప్రతి డేటాబేసునీ మామూలుగా మూడు మెషీన్ల మీదైనా ఉంచుతారు, ఒకటి చెడిపోతే మిగతావి ఉండాలని. డిలీట్ అనే కబురు ఇన్నిటికీ అందాలి.

కబురు అందడం అంటే గుర్తొచ్చింది. పెళ్లి ఆగిపోయిందనుకోండి. శుభలేఖలు పంచేశారు. ఇప్పుడు అందరికీ ఫోన్లు చేసి, పెళ్లి లేదండీ అని చెప్పాలి. అందరికీ చెప్పారు, ఒక్క పెదనాన్నకి ఫోన్ కలవలేదు, ఆయన సిగ్నల్ లేని ఊళ్లో ఉన్నాడు. సర్లే, అందరికీ చెప్పేశాం కదా అని మీరు ఆ సంగతే మర్చిపోయారు. ఏమవుతుంది? ముహూర్తం నాటికి పెదనాన్న బట్టలు పెట్టుకుని దిగుతాడు. అంతే కాదు, దారిలో కలిసిన ప్రతివాడికీ "పెళ్లికి రావట్లేదా?" అని మళ్లీ కబురు వేస్తాడు. చచ్చిన సంగతి మళ్లీ బతికొస్తుంది.

కంప్యూటర్లలో అచ్చంగా ఇదే జరుగుతుంది. కసాండ్రా అని ఒక డేటాబేసు ఉంది. పుట్టింది ఫేస్‌బుక్‌లోనే, 2008లో దాని కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. అందులో మీరు ఏదైనా డిలీట్ చేస్తే, అది డేటాని తీసేయడానికి బదులు ముందు దాని మీద ఒక రాయి పాతుతుంది. సమాధి రాయి అనే అంటారు, టూంబ్‌స్టోన్. "ఇక్కడ ఉన్నది పోయింది" అని ఆ రాయి చెబుతుంది. ఆ రాయిని ఎన్నాళ్లు ఉంచాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. మీరు మార్చకపోతే అది 8,64,000 సెకన్లు. లెక్కేసుకోండి, సరిగ్గా 10 రోజులు.

ఎందుకు 10 రోజులు? మూడు మెషీన్లలో ఒకటి ఆ సమయంలో ఆగిపోయి ఉండొచ్చు. పెదనాన్నలాగా దానికి కబురు అందలేదు. అది నాలుగో రోజు లేచింది అనుకోండి. రాయి ఇంకా ఉంది కాబట్టి, సరిచూసుకునే పని నడిచినప్పుడు దానికి కూడా "పోయింది" అని తెలుస్తుంది. అదే, తొందరపడి రాయిని రెండో రోజే తీసేసి ఉంటే? లేచిన మెషీన్ దగ్గర మీ ఫొటో ఉంది. మిగతా ఇద్దరి దగ్గర ఫొటో లేదు, పోయిందన్న గుర్తు కూడా లేదు. అప్పుడు ఆ మెషీన్ ఏమనుకుంటుంది? "పాపం, వీళ్ల దగ్గర ఈ ఫొటో లేదే, ఇస్తాను" అని మిగతా ఇద్దరికీ కాపీ ఇచ్చేస్తుంది. మీరు డిలీట్ చేసిన ఫొటో మళ్లీ పుట్టింది. ఈ పనిలో ఉన్నవాళ్లు వీటిని జాంబీ డేటా అంటారు. అంటే చూడండి, నెమ్మదిగా చెరిపితేనే నిజంగా చెరుగుతుంది. తొందరపడితే తిరిగొస్తుంది.

ఇది ఒక్క డేటాబేసు సంగతి. ఒక పెద్ద కంపెనీలో ఇలాంటివి పదుల్లో ఉంటాయి, వాటి మధ్య ఒక వరస కూడా ఉంటుంది. ఏది ముందు తీయాలి, ఏది తర్వాత. ఫొటో ఎవరిదో చెప్పే వివరాన్ని ముందే తీసేస్తే, ఆ ఫొటో ఎవరిదో తెలియక అనాథగా ఎక్కడో మిగిలిపోతుంది. ఎప్పటికీ చెరగదు. పేరు లేని ఫొటోని ఎవరు వెతుకుతారు?

ఇప్పుడు నాకు చాలా ముఖ్యం అనిపించే విషయం. చెరిపే ప్రోగ్రామ్‌ని కూడా మనుషులే రాస్తారు. అది కూడా తప్పు చేస్తుంది. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే పేజీ తెరుచుకోదు, బటన్ పనిచేయదు, రేపు సరిచేస్తాం. చెరిపే ప్రోగ్రామ్ తప్పు చేస్తే?

2012 మార్చి. గూగుల్‌కి అప్పట్లో ఒక పాటల సర్వీసు ఉండేది, గూగుల్ మ్యూజిక్. జనం తమ దగ్గరున్న పాటలు అందులోకి ఎక్కించుకుని, ఎక్కడి నుంచైనా వినేవాళ్లు. ఒకరోజు ఒక యూజర్ ఫిర్యాదు చేశాడు. మొన్నటిదాకా మోగిన పాటలు ఇప్పుడు మోగట్లేదు, దాటి వెళ్లిపోతున్నాయి అని. ఒక ఇంజనీర్ చూశాడు. ఆ పాట ఫైలు ఎక్కడుందో చెప్పే రిఫరెన్స్ మాయమైంది. ఎవరు తీశారు? వెతుక్కుంటూ పోతే తేలింది ఏమిటంటే, తీసింది వాళ్ల సొంత చెరిపే ప్రోగ్రామే. యూజర్లు తీసేయమన్న పాటల్ని, వాళ్ల ప్రైవసీ కోసం నిజంగా చెరపడానికి రాసిన ప్రోగ్రామ్. అది తీయమనని పాటల్ని కూడా తీసేస్తోంది.

వెంటనే దాన్ని ఆపేశారు. ఎంత నష్టం జరిగిందో లెక్క తీశారు. సుమారు 6 లక్షల పాటల రిఫరెన్స్‌లు, 21,000 మంది యూజర్లవి. ఫిర్యాదు చేసింది ఒకరు, దెబ్బ తగిలింది 21,000 మందికి. మిగతా వాళ్లలో చాలామందికి తమ పాట పోయిందన్న సంగతే తెలియదు. ఎప్పుడో ఆరు నెలల తర్వాత ఆ పాట వెతుక్కున్నప్పుడు తెలిసేది.

మరి ఎలా తెచ్చారు? టేపుల నుంచి. మన చిన్నప్పటి క్యాసెట్ లాంటిదే, కాకపోతే చాలా పెద్ద నిల్వ పట్టే టేపులు. వేరే చోట దాచిన 5,000కు పైగా టేపుల్ని ట్రక్కుల్లో తెప్పించి, చదివించి, పాటలు వెనక్కి తీశారు. ఆ టేపుల్లో దొరికినవి సుమారు 4,36,000. మిగతా 1,61,000 టేపుకి ఎక్కకముందే పోయాయి. అదృష్టం ఏమిటంటే వాటిలో ఎక్కువ భాగం వాళ్ల దుకాణంలో అమ్మినవే, అసలు కాపీ వాళ్ల దగ్గరుంది, మళ్లీ పెట్టారు. యూజర్లు సొంతంగా ఎక్కించినవి కొన్ని ఉంటే, ఆ యూజర్ల కంప్యూటర్ల నుంచే మళ్లీ ఎక్కేలా చేశారు.

తప్పు ఎక్కడ జరిగింది? ఆ చెరిపే పనిని దశలు దశలుగా, ఒకటయ్యాక ఒకటి జరిగేలా రాశారు. సర్వీసు పెరిగింది, పని పెరిగింది, వేగం కోసం మార్పులు చేస్తూ పోయారు. ఆ మార్పుల్లో దశల మధ్య పొంతన సడలింది. ఒకటి ముగిసిందనుకుని ఇంకొకటి నడిచిపోయే సందు ఏర్పడింది. మామూలు రోజుల్లో ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి రెండూ ఒరుసుకుంటాయి, అప్పుడు ఉండాల్సిన పాట పోతుంది.

ఇప్పుడు మన అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరకి రండి. ఒక్క నిమిషంలో, అన్ని చోట్లా, టేపులతో సహా చెరిపే యంత్రం ఒకటి ఉందనుకుందాం. అలాంటి యంత్రంలో ఇలాంటి తప్పు దొర్లితే, ఆ 6 లక్షల పాటలు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు? ఎక్కడా ఉండేవి కావు. పాటలైతే సరే. అవే మీ అమ్మానాన్నల ఫొటోలు అయితే? టేపు ఆలస్యంగా చెరగడం వల్లే ఆ పాటలు దొరికాయి. అందుకే, చెరిపే పనిని తెలిసి తెలిసి నెమ్మదిగా ఉంచుతారు. ఈ రోజు గుర్తు, కొన్నాళ్లకి అసలు చెరిపివేత, ఇంకొన్నాళ్లకి బ్యాకప్ నుంచి పోవడం. తప్పు జరిగితే ఒక్కో మెట్టు దగ్గర పట్టుకునే అవకాశం ఉండాలని.

బ్యాకప్ అన్నాను కదా, దాని సంగతి కూడా చెప్పాలి. చాలామందికి కోపం వచ్చేది దీని మీదే. "నా డేటా బ్యాకప్‌లో ఎందుకుంచారు? అందులోంచి కూడా తీసేయండి" అంటారు. న్యాయమైన కోపమే. కానీ ఆ పని ఎందుకు కష్టమో చూడండి.

ఒక కిరాణా కొట్టు ఉంది. ఆయన ఖాతా పుస్తకం మొత్తాన్ని రోజూ రాత్రి జిరాక్స్ తీయించి, కట్ట కట్టి, లక్కతో సీలు వేసి, తమ్ముడి ఇంట్లో అటక మీద పెడతాడు. కొట్టు తగలబడితే ఆ కట్టలే దిక్కు. ఇప్పుడు మీరు వెళ్లి, "నా పేజీ చింపేయండి" అన్నారు. కొట్లో పుస్తకంలోంచి చింపడం తేలికే. అటక మీద 90 కట్టలున్నాయి. ప్రతి కట్టా విప్పి, మీ పేజీ వెతికి, తీసి, మళ్లీ కట్టి సీలు వేయాలి. రోజుకి ఇలా వందమంది అడిగితే ఆ కట్టలు రోజూ విప్పుతూనే ఉండాలి. ఇక అది బ్యాకప్ ఎలా అవుతుంది? బ్యాకప్‌కి ఉన్న విలువే, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అన్న నమ్మకం. విప్పే దారి ఉందంటే, దొంగకీ ఆ దారి ఉంది, తప్పుడు ప్రోగ్రామ్‌కీ ఆ దారి ఉంది.

కాబట్టి ఏం చేస్తారంటే, కట్టల్ని విప్పరు, వయసు అయిపోయిన కట్టని మొత్తంగా తగలబెడతారు. 90 రోజులు దాటిన కట్ట రోజూ ఒకటి పోతుంది. మీరు కొట్టు పుస్తకంలోంచి పోయిన రోజు నుంచి కొత్త కట్టల్లో మీ పేజీ ఉండదు. పాత కట్టలు ఒక్కొక్కటే కాలిపోతూ వస్తాయి. 90 రోజులకి మీ పేజీ ఉన్న ఆఖరి కట్ట కాలిపోతుంది. గూగుల్ తన పద్ధతి ఇలాగే రాసింది. నడుస్తున్న సర్వర్లలోంచి తీయడానికి సుమారు 2 నెలలు, అందులో తరచుగా ఒక నెల వరకు మీరు వెనక్కి రావడానికి ఉంచిన గడువు కలిసి ఉంటుంది. బ్యాకప్‌లలోంచి పోవడానికి 6 నెలల వరకు. ఇప్పుడు ఆ 6 నెలలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైంది కదా? ఆఖరి కట్ట కాలిపోయే రోజు అది.

దీనికో అడ్డదారి కూడా ఉంది. ప్రతి మనిషి డేటాకీ ఒక విడి తాళం వేసి దాచడం. మీరు వెళ్లిపోతానంటే ఆ తాళంచెవి ఒక్కటి నాశనం చేస్తే చాలు. అటక మీద కట్టల్లో మీ పేజీ ఉన్నా, అది ఎవరికీ చదవరాని గీతలే. బాగుంది కదా? బాగుంది. కానీ తాళంచెవులు కూడా ఎక్కడో దాచాలి. చెవి పోతే యజమాని కూడా బయటే కాబట్టి, వాటికి కూడా బ్యాకప్ ఉండాలి. ఆ బ్యాకప్‌కి మళ్లీ ఒక వయసు. గడువు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

బ్యాకప్ దగ్గర ఒక ప్రమాదం ఉంది, దీన్ని నేను స్వయంగా చూశాను. ఎక్కడ అన్నది వద్దు. మార్చి 1న ఒకాయన వెళ్లిపోయాడు, గడువు ముగిసి ఏప్రిల్ మొదటి వారంలో డేటాబేసులోంచి చెరిపేశారు. ఏప్రిల్ చివర్లో డేటాబేసు పాడైంది. మార్చి నాటి బ్యాకప్ తెచ్చి పెట్టారు. ఏమైంది? ఆయన తిరిగొచ్చాడు! పేరుతో, ఫోన్ నంబరుతో. ఎలా తెలిసిందంటే, మే నెలలో ఆయనకి "పుట్టినరోజు శుభాకాంక్షలు" అని మెయిల్ వెళ్లింది. ఆయన చాలా బాధపడుతూ రాశాడు, నేను వెళ్లిపోయాను కదా, నా పుట్టినరోజు మీకెలా తెలుసు అని. ఆ ఉత్తరం నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి మేం ఒక చిన్న జాబితా వేరుగా పెట్టాం. పేర్లు ఉండవు, చెరిపిన వాళ్ల నంబర్లు మాత్రమే. ఎప్పుడు పాత బ్యాకప్ తెచ్చినా, తలుపు తెరవకముందే ఆ జాబితా ప్రకారం మళ్లీ చెరపాలి. ఇది చేయని చోట డిలీట్ అనేది నమ్మదగ్గ మాట కాదు.

చట్టం గురించి అడుగుతారు, క్లుప్తంగా చెబుతాను. యూరప్ వాళ్ల డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, చెరపమని అడిగితే అనవసరమైన ఆలస్యం లేకుండా చేయాలి, మామూలుగా నెల లోపు ఏం చేశారో జవాబు చెప్పాలి. చిక్కుగా ఉంటే ఇంకో రెండు నెలలు పెంచుకోవచ్చు. మన దేశంలో సంగతి కొంచెం వేరు. 2021 ఐటీ నిబంధనల్లో ఒక మాట ఉంది. రిజిస్ట్రేషన్ కోసం మీ దగ్గర తీసుకున్న వివరాల్ని, మీరు అకౌంట్ రద్దు చేసుకున్నాక కూడా 180 రోజులు ఉంచాలి అని. ఉంచొచ్చు అని కాదు, ఉంచాలి. మా పిన్ని విషయంలో వాడు డబ్బులు అడిగి అకౌంట్ తీసేసే ప్రయత్నం చేశాడు చూశారా, అలాంటి వాళ్లని పోలీసులు వెతకాలంటే ఏదో ఒక ఆధారం మిగలాలి కదా. కాబట్టి ఫొటోలు పోయినా, మీరు పేరు నమోదు చేసుకున్న వివరాలు మన దేశంలో ఆరు నెలలు ఉంటాయని అనుకునే అడుగు వేయండి.

ఇంతసేపు గడువుని సమర్థించాను. ఇప్పుడు దాన్ని ఎక్కడ తప్పుగా వాడతారో కూడా చెప్పాలి, లేకపోతే నేను సగం నిజమే చెప్పినట్టు.

చాలా చోట్ల, గడువులోపు లాగిన్ అయితే డిలీట్ రద్దు చేసుకోవచ్చు. కొన్ని చోట్ల "రద్దు చేయనా?" అని స్పష్టంగా అడుగుతారు. అది మర్యాద. కొన్ని చోట్ల అడగకుండానే, మీరు లోపలికి వచ్చారు కాబట్టి మనసు మార్చుకున్నట్టే అని లెక్కేస్తారు. అది తప్పు, ఆ మాట గట్టిగా అంటాను. పాత ట్యాబ్‌లో ఆ యాప్ ఇంకా ఉండి, అది దానంతట అదే లాగిన్ అయినా మీ 30 రోజులు పోయినట్టే. మీరు పోయిందనుకుంటారు, అది ఉంటుంది. ఇంకో యాప్‌లోకి ఇదే అకౌంట్‌తో వెళ్తుంటే, అది కూడా తలుపు తట్టినట్టే అవుతుంది.

కాబట్టి డిలీట్ నొక్కే ముందు ఒక అరగంట పెట్టుకోండి. ముందు మీ డేటా కాపీ దించుకోండి. గడువు దాటాక ఎంత బతిమాలినా ఎవరూ తేలేరు. తర్వాత, ఈ అకౌంట్‌తో ఇంకా ఏయే యాప్‌లలోకి వెళ్తున్నారో చూసి వాటిని విడదీయండి. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లో, ట్యాబ్‌లో లాగౌట్ చేసి, యాప్ తీసేయండి. అప్పుడు నొక్కండి. నొక్కాక వచ్చే మెయిల్ దాచుకోండి, అందులో తేదీ ఉంటుంది. మళ్లీ ఆ తేదీ దాకా అటువైపు వెళ్లకండి. ఉందా పోయిందా అని లాగిన్ అయి చూడబోయి, చాలామంది చేజేతులా రద్దు చేసుకుంటారు.

తేదీ దాటాక చూడొచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని కొట్టి మీ మెయిల్ ఇవ్వండి. అలాంటి అకౌంట్ లేదు అంటే, కనీసం నడుస్తున్న సర్వర్లలో మీరు లేరు అనుకోవచ్చు. అయితే కొన్ని సైట్లు భద్రత కోసం ఉన్నా లేకపోయినా ఒకే జవాబు ఇస్తాయి, అందుకని అది పూర్తి రుజువు కాదు. ఆ కంపెనీ నుంచి ఇంకా ఆఫర్ల మెయిళ్లు వస్తున్నాయా? అయితే ఎక్కడో ఒక జాబితాకి కబురు అందలేదు. ఆ మెయిల్ని సాక్ష్యంగా జతచేసి, మన దేశంలో అయితే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. సైట్‌లో ఆ పేరు, చిరునామా పెట్టాలని నిబంధన ఉంది.

ఇంకొకటి. మీరు వేరేవాళ్లకి పంపిన మెసేజ్‌లు వాళ్ల దగ్గర ఉంటాయి. ఏ గడువు దాటినా అవి పోవు. అవి వాళ్ల ఇంటికి చేరిన ఉత్తరాలు.

అమ్మా, నీ ప్రశ్నకి జవాబు చెప్పానా? ఏమంటోంది? కొంచెం మైక్ ఇవ్వండి ఆమెకి... ఆ. "నేను జూన్ 3న నొక్కాను, మొన్న మా చెల్లి నా పాత ఫోన్‌లో ఆ యాప్ తెరిచింది" అంటోంది. మరి ఆ యాప్ తెరిచినప్పుడు తెర మీద ఏం కనపడిందో చెల్లిని అడుగు. లాగిన్ పేజీ వచ్చిందా, లోపలి పేజీ వచ్చిందా? లోపలి పేజీ వచ్చి ఉంటే, ఈ సాయంత్రమే నీ మెయిల్లో చూడు, "తిరిగి వచ్చినందుకు సంతోషం" అని ఏమైనా వచ్చిందేమో. వస్తే, ముందు ఆ పాత ఫోన్‌లో యాప్ తీసేసి, తర్వాత మళ్లీ డిలీట్ నొక్కు. నీ లెక్క జూన్ 3 నుంచి కాదు, మళ్లీ నొక్కిన రోజు నుంచి మొదలవుతుంది.